ఐడిల్ ఫీజు ఉంచండి, ప్లాట్‌ఫామ్ చార్జీ తీసేయండి

శుక్రవారం సాయంత్రం బెంగళూరులో హెబ్బాళ్ దాటి దేవనహళ్ళి వైపు వెళ్ళే దారిలో ఏ ఎలక్ట్రిక్ కార్ల చార్జింగ్ స్టేషన్ దగ్గర ఆగినా ఏపీ, తెలంగాణ నంబరు బండ్లు కనిపిస్తాయి. అనంతపురం దాదాపు 200 కిలోమీటర్లు, కర్నూలు ఇంకా దూరం. ఊరు దాటకముందే బ్యాటరీ నింపుకుని బయల్దేరుదామని అందరికీ ఉంటుంది. అక్కడ వచ్చే బిల్లు గురించి మన తెలుగు గ్రూపుల్లో వారం వారం ఒకటే గొడవ: "యాప్‌లో యూనిట్ 18 రూపాయలన్నాడు, లెక్కేస్తే 23 పడింది, మోసం."

మోసం అనే ముందు బిల్లులో ఏ వరస దేనికోసం ఉందో చూడాలి. చూశాక నా అభిప్రాయం గ్రూపుల్లో వినిపించేదానికి దాదాపు తలకిందులుగా ఉంటుంది. చార్జింగ్ అయిపోయాక కూడా బండి నుంచి చార్జర్ గన్ తీయకపోతే నిమిషాల లెక్కన వేసేది ఐడిల్ ఫీజు. అందరూ తిట్టే ఆ ఫీజు న్యాయమైనదే, గడియారం సరిగ్గా నడిచినంత వరకు. యాప్ ఖర్చుల పేరుతో ప్రతి సెషన్‌కూ వేసే, ఎవరూ పట్టించుకోని ఆ చిన్న ప్లాట్‌ఫామ్ చార్జీయే ఉండకూడనిది.

లెక్కకు ఒక సెషన్ అనుకుందాం. బ్యాటరీలో వాడుకోగలిగింది 40 యూనిట్లు. వేగంగా ఎక్కించే 60 కిలోవాట్ల డీసీ చార్జర్, సీసీఎస్2 రకం గన్. సాయంత్రం 6:20కి 24 శాతం దగ్గర పెట్టారు. కారులో 90 శాతం పరిమితి పెట్టుకున్నారు, 7:10కి అక్కడికి చేరి ఆగింది. టిఫిన్ ముగించుకొచ్చి గన్ తీసేసరికి 7:34. బిల్లు ఇలా వచ్చింది.

```
28.4 యూనిట్లు x ₹18.00           511.20
ఐడిల్ ఫీజు 14 నిమిషాలు x ₹3        42.00
ప్లాట్‌ఫామ్ చార్జీ                     15.00
మొత్తం                            568.20
సీజీఎస్టీ 9% + ఎస్‌జీఎస్టీ 9%         102.28
చెల్లించవలసినది                   670.48
```

670.48ని 28.4తో భాగిస్తే యూనిట్‌కు 23 రూపాయల 61 పైసలు. చార్జర్‌ను చార్జర్‌తో పోల్చాల్సింది ఈ అంకెతోనే, యాప్ మ్యాపులో కనిపించే 18తో కాదు. ఆ ఐదున్నర రూపాయల తేడాలో పెద్ద వాటా జీఎస్టీది: 18 మీద 18 శాతం వేస్తే 21.24. ఐడిల్ ఫీజు పన్నుతో కలిపి యూనిట్‌కు 1.75 తెచ్చింది, ప్లాట్‌ఫామ్ చార్జీ 62 పైసలు. అంతే తేడా, ఇంకెక్కడా ఏమీ దాగి లేదు.

జీఎస్టీ ఎందుకు అనే ప్రశ్న ఎప్పుడూ వస్తుంది. ఇంట్లో ఫ్యాను తిరిగే కరెంటు మీద జీఎస్టీ లేదు కదా, అదే కరెంటు కారులోకి వెళితే ఎలా వచ్చింది? కేంద్ర విద్యుత్ శాఖ 2018 ఏప్రిల్‌లో ఒక వివరణ ఇచ్చింది. చార్జింగ్ స్టేషన్ చేసేది కరెంటు అమ్మకం కాదు, బ్యాటరీని చార్జ్ చేసే సేవ. కాబట్టి స్టేషన్ పెట్టడానికి విద్యుత్ చట్టం కింద లైసెన్సు అక్కర్లేదు అని. ఆ వివరణ వల్లే ప్రైవేటు వాళ్ళు స్టేషన్లు పెట్టగలిగారు. కానీ కరెంటుకు ఉన్న పన్ను మినహాయింపు సేవకు లేదు. 2023లో జీఎస్టీ సందేహాలు తేల్చే కర్ణాటక అడ్వాన్స్ రూలింగ్ అథారిటీ కూడా మైసూరు విద్యుత్ సంస్థ అడిగినప్పుడు ఇదే చెప్పింది: చార్జింగ్ మొత్తం సేవ కిందికే వస్తుంది, 18 శాతం. దీనికి స్టేషన్ వాడితో పోట్లాడి లాభం లేదు. కొన్ని యాప్‌లు పన్ను కలిపి ధర చూపిస్తాయి, కొన్ని పన్ను లేకుండా చూపిస్తాయి. ఒక యాప్‌లో 20, ఇంకోదాంట్లో 18 కనిపిస్తే రెండోది చవక అనుకుని అటు పోవద్దు. మొదటిది పన్ను కలిపిన ధరైతే అదే చవక.

ధర వేళను బట్టి కూడా మారుతుంది. స్టేషన్‌కు డిస్కం వేసే టారిఫ్ ఉదయం 9 నుంచి సాయంత్రం 4 దాకా, ఎండ ఉండే వేళ, సగటు సరఫరా ఖర్చుకు 0.7 వంతు, మిగతా వేళల్లో 1.3 వంతు ఉండాలని కేంద్రం 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. ఆ తేడా స్టేషన్ వాడు మన దాకా ఎంత తెస్తాడన్నది వాడి ఇష్టం. ఊరికి బయల్దేరేది సాయంత్రమే అయినా చార్జింగ్ మధ్యాహ్నం పెట్టుకునే వీలుంటే ఒకసారి రెండు వేళల ధరలూ చూడండి.

ఇక యూనిట్ల సంగతి. కారు తెర మీద 24 నుంచి 90, అంటే 66 శాతం, 40 యూనిట్లలో 26.4. బిల్లులో మాత్రం 28.4. రెండు యూనిట్లు ఎక్కువ వేశాడని ఫిర్యాదు చేయొద్దు, అవి నిజంగానే గన్ గుండా వెళ్ళాయి. వేగంగా చార్జ్ అవుతున్నప్పుడు బ్యాటరీ వేడెక్కుతుంది, దాన్ని చల్లబరచడానికి ఏసీ కంప్రెసర్ నడుస్తుంది, లోపల కూర్చుని ఏసీ వేసుకుంటే అదీ తాగుతుంది, బ్యాటరీ లోపలి నిరోధంలో కొంత వేడిగా పోతుంది. డీసీ చార్జింగ్‌లో గన్ లెక్కకీ కారు లెక్కకీ ఐదు నుంచి పది శాతం తేడా మామూలే. పదిహేను శాతం దాటితేనే అనుమానించండి.

అనుమానించాల్సిన తేడా వేరేచోట ఉంది. సెషన్ ముగిసినప్పుడు చార్జర్ తెర మీద కనిపించే యూనిట్లూ, బిల్లులో వచ్చిన యూనిట్లూ ఒకటే కావాలి. తెర మీద 28.4 ఉండి బిల్లులో 30.2 వస్తే, వాళ్ళు గన్ వైపు కాక గ్రిడ్ నుంచి వచ్చే ఏసీ కరెంటు వైపు మీటరు రీడింగుతో బిల్లు చేస్తున్నారన్నమాట. ఏసీని డీసీగా మార్చేటప్పుడు చార్జర్ క్యాబినెట్ లోపల ఆరు శాతం దాకా వేడిగా పోతుంది. ఆ నష్టం చార్జర్‌ది, మన కారుకు రాలేదు. ఈ సెషన్‌లో అది దాదాపు 38 రూపాయలు, అంటే ప్లాట్‌ఫామ్ చార్జీకి రెండింతలు. తెర ఫొటో లేకపోతే ఈ సంగతి రుజువు చేయలేం. గన్ తీసే ముందు ఆ తెరను ఒక ఫొటో తీసుకోవడం అలవాటు చేసుకోండి. చాలా చార్జర్లలో అది అరనిమిషంలో మాయమైపోతుంది.

ఇప్పుడు ఐడిల్ ఫీజు. బండి నిండిపోయాక కూడా గన్ తీయకుండా ఉంచితే, ఇచ్చిన గడువు దాటిన ప్రతి నిమిషానికీ వేసేది ఇది. మన లెక్కలో గడువు 10 నిమిషాలు: 7:10కి ఆగింది, 7:20 నుంచి మీటరు మొదలైంది, 7:34కి తీశారు, 14 నిమిషాలు. నిమిషానికి 3 రూపాయలు ఎక్కువనిపిస్తుంది. కానీ అదే గన్ ఆ 50 నిమిషాల్లో 511 రూపాయల కరెంటు ఇచ్చింది, నిమిషానికి 10 రూపాయల పైన. వెనక ఒక బండి కాచుకుని ఉంటే స్టేషన్ వాడు పోగొట్టుకున్నదానిలో మూడో వంతు కూడా ఈ ఫీజు పూడ్చదు. వాడి నష్టం కన్నా వెనక ఉన్నవాళ్ళ నష్టం పెద్దది. పిల్లలతో, సామానుతో అర్ధరాత్రిలోపు ఊరు చేరాలనుకునే కుటుంబం మన ఫిల్టర్ కాఫీ అయ్యేదాకా నిలబడాలి. పైగా చాలా 60 కిలోవాట్ల చార్జర్లకు రెండు గన్‌లు ఉంటాయి, రెండూ పెడితే చెరి 30. కొన్నింట్లో ఒక బండి నిండినా సరే, గన్ తీసేదాకా దాని వాటా పక్క బండికి వెళ్ళదు. నిండిన బండి పక్క బండిని కూడా నిదానం చేస్తుందన్నమాట. అందుకే ఈ ఫీజు ఉండాలంటాను.

ఉండాల్సిందే, కానీ గడియారం ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగుతుందో తెలియాలి. ఇక్కడే తప్పులు జరుగుతాయి, కాబట్టి లోపల ఏం నడుస్తుందో కొంచెం దగ్గరగా చూద్దాం.

చార్జరూ, కంపెనీ సర్వరూ ఎక్కువగా ఓసీపీపీ అనే భాషలో మాట్లాడుకుంటాయి. గన్ పరిస్థితి మారిన ప్రతిసారీ చార్జర్ ఒక కబురు పంపుతుంది. కరెంటు ఎక్కుతుంటే `Charging`. గన్ బండికే ఉండి, ఇక చాలని బండే కరెంటు తీసుకోవడం మానేస్తే `SuspendedEV`. సెషన్ ముగిసి, గన్ ఇంకా బండికే ఉంటే `Finishing`. గన్ ఊడదీశాక `Available`. ఊడదీసినట్టు చార్జర్‌కు తెలిసేది గన్‌లోని కంట్రోల్ పైలట్ అనే చిన్న తీగ ద్వారా. బండి తగిలి లేనప్పుడు ఆ తీగ మీద 12 వోల్టులుంటాయి, బండి తగిలితే 9, చార్జ్ అవుతుంటే 6. కాబట్టి గన్‌ను తిరిగి స్టాండులో పెట్టడం మర్యాదే గానీ, ఐడిల్ ఫీజు ఆగేది బండి నుంచి ఊడదీసిన క్షణానే.

సెషన్ ముగిసిన కబురులో ఉండేవి ఇవి:

```
"meterStop": 1843620,
"timestamp": "2025-01-10T13:40:00Z"
```

మీటరు అంకె వాట్ అవర్లలో ఉంటుంది. మొదట్లో 1815220 ఉంటే తేడా 28400, అంటే 28.4 యూనిట్లు. సమయం చివర ఉన్న Z అంటే గ్రీనిచ్ సమయం. ఐదున్నర గంటలు కలిపితే మన 7:10. బిల్లులో సెషన్ మధ్యాహ్నం 1:40కి ముగిసినట్టు కనిపిస్తే కంగారు పడొద్దు, ఎవరో ఆ ఐదున్నర గంటలు కలపడం మరిచిపోయారు. వేళను బట్టి ధర మారే స్టేషన్‌లో అయితే మాత్రం ఏ ధర పడిందో చూసుకోవాలి.

అసలు చిక్కు మాల్ బేస్‌మెంట్లలో వస్తుంది. చార్జర్‌లో ఉండేది ఒక సిమ్ కార్డు. రెండో బేస్‌మెంట్‌లో సిగ్నల్ పోయిందనుకోండి. 7:34కి మీరు గన్ తీశారు. చార్జర్ ఆ కబురును దాచిపెట్టుకుని, సిగ్నల్ తిరిగి వచ్చాక 7:58కి పంపింది. కబురులో రాసి ఉన్న సమయం 7:34. సర్వర్ దాన్ని చదివితే బిల్లు 14 నిమిషాలకే వస్తుంది. చదవకుండా కబురు చేరిన సమయాన్నే పట్టుకుంటే 38 నిమిషాలు, 42 రూపాయల చోట 114. ఇలా జరిగిందో లేదో కనిపెట్టడం తేలికే. మాల్ పార్కింగ్ నుంచి బయటపడిన చీటీ మీద 7:41 అని ఉంటే, 7:58 దాకా గన్ బండికి ఉండడం అసాధ్యం. చాలా కార్ల యాప్‌లలో కూడా ప్లగ్ ఊడిన సమయం ఉంటుంది. ఆ రెండూ జతచేసి, "గన్ ఊడిన సమయం కబురులో ఎంత ఉంది, మీకు చేరిన సమయం ఎంత?" అని అడగండి. ఊరికే "ఐడిల్ ఫీజు ఎక్కువ వేశారండీ" అంటే వచ్చే జవాబు కన్నా దీనికి వచ్చే జవాబు వేరుగా ఉంటుంది, ఎందుకంటే ఆ ప్రశ్న వాళ్ళ టెక్నికల్ వాళ్ళ దాకా పోవాల్సిందే.

ఇంకో తప్పు గన్ ఇరుక్కోవడం. డీసీ చార్జింగ్‌లో గన్‌ను పట్టి ఉంచే తాళం కారు వైపే ఉంటుంది. సెషన్ ఆపినా కారు తాళం వేసి ఉంటే చాలా కార్లు గన్ వదలవు. యాప్‌లోనో తెర మీదో సెషన్ ఆపి, కీతో కారును అన్‌లాక్ చేసి, టక్‌మని చప్పుడు వచ్చాక గన్‌ను నేరుగా లాగండి. కేబుల్ బరువుకు గన్ కిందికి వాలి ఉంటే తాళపు కడ్డీ బిగుసుకుంటుంది, ఒక చేత్తో కొంచెం పైకి ఎత్తి మళ్ళీ అన్‌లాక్ చేస్తే చాలాసార్లు వదులుతుంది. కొన్ని కార్లకు బానెట్ కిందో డిక్కీలోనో చేత్తో లాగే తాడు ఉంటుంది, మీ కారుకు ఎక్కడుందో మాన్యువల్‌లో ఇవాళే చూసుకోండి. ఎర్ర ఎమర్జెన్సీ బటన్ మాత్రం ప్రమాదానికే. దాన్ని నొక్కితే చార్జర్ మొత్తం ఆగిపోతుంది, పక్క గన్ కూడా పోతుంది, ఎవరో వచ్చి రీసెట్ చేసేదాకా అది ఎవరికీ పనికిరాదు. ఇరుక్కున్న నిమిషం నుంచే హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. కాల్ సమయం మీ ఫోన్‌లో నమోదై ఉంటుంది కాబట్టి ఆ తర్వాతి ఐడిల్ నిమిషాలు తీసేయమని అడగడానికి అదే ఆధారం.

ఐడిల్ ఫీజు నియమం ఎలా ఉండాలో కూడా చెప్పాలి. గడువు నిండినట్టు ఫోన్‌కు కబురు వెళ్ళిన క్షణం నుంచి లెక్క మొదలవ్వాలి. స్టేషన్‌లో ఇంకో గన్ ఖాళీగా ఉన్నంతసేపు ఫీజు ఉండకూడదు, అప్పుడు ఎవరికీ నష్టం లేదు కాబట్టి. ఒక సెషన్‌కు ఇంతకు మించి వేయం అని పరిమితి ఉండాలి. రాత్రి హోటల్లో నిదానంగా ఎక్కించే ఏసీ చార్జర్‌కు బండి తగిలించి పడుకునేవాళ్ళ మీద అసలే వేయకూడదు. ఈ ఫీజుకు అందనిది కూడా ఒకటుంది: 90 దాటాక 100 దాకా ఈడ్చేవాళ్ళు. అప్పుడు బండి నాలుగైదు కిలోవాట్లే తీసుకుంటుంది, స్థితి మాత్రం `Charging` అనే చూపిస్తుంది. ఐడిల్ ఫీజు పడదు, అరగంటకు రెండు యూనిట్లు ఎక్కుతాయి, వెనక వరస పెరుగుతుంది. రద్దీ ఉన్నప్పుడు 80 లేదా 90 దగ్గర సెషన్‌ను ఆపేసే స్టేషన్లను నేను తప్పు పట్టను.

ఇక ప్లాట్‌ఫామ్ చార్జీ. 28 యూనిట్ల మీద పన్నుతో కలిపి 17 రూపాయల 70 పైసలు, యూనిట్‌కు 62 పైసలు, ఎవరూ పట్టించుకోరు. అదే మారతహళ్ళి నుంచి ఎయిర్‌పోర్టుకు వెళ్తూ 6 యూనిట్లు మాత్రం ఎక్కించుకుంటే అదే 17.70 యూనిట్‌కు 2.95 అవుతుంది, మొత్తం ధర 24.19కి చేరుతుంది. పెద్ద బిల్లులో ఐడిల్ ఫీజుతో కలిసి కూడా అంత పడలేదు. స్కూటర్‌కు 2 యూనిట్లు పెట్టుకునే డెలివరీ కుర్రాడికి అలాంటి చార్జీయే పడితే యూనిట్‌కు 8.85. తక్కువ కొనేవాడి మీద ఎక్కువ బరువు.

యాప్, సర్వర్, సిమ్, ఎస్ఎంఎస్‌లకు ఖర్చవుతుంది అంటారు. అవుతుంది. స్థలం అద్దెకూ, బెస్కాం కరెంటు కనెక్షన్‌కూ, చెడిపోయిన గన్‌లు మార్చడానికీ అవుతుంది. అవన్నీ యూనిట్ ధరలోనే వేస్తున్నప్పుడు ఇదొక్కటే బయట ఎందుకు? మ్యాపులో 18 కనిపించడానికి. డబ్బు చెల్లింపు ఖర్చు అనే వాదన ఇంకా పలచన: బ్యాంకు ఖాతా నుంచి చేసే యూపీఐ చెల్లింపులకు 2020 జనవరి నుంచి ఎండీఆర్, అంటే వ్యాపారి బ్యాంకుకు కట్టే రుసుము, లేదు. ఒక్క వాదన మాత్రం నిజం: రెండు యూనిట్ల సెషన్ కూడా గన్‌ను ఆక్రమిస్తుంది, దానివల్ల వాళ్ళకు మిగిలేది ఏమీ ఉండదు. దానికి మందు కనీస బిల్లు. "కనీసం 60 రూపాయలు" అని గన్ పెట్టే ముందే చూపిస్తే తక్కువ కొనేవాడు ఆలోచించుకుంటాడు, ఎక్కువ కొనేవాడి మీద ఏమీ పడదు.

వేరే కంపెనీల చార్జర్లన్నీ ఒకేచోట చూపించే యాప్ అయితే ఆ చార్జీ దాని కమిషన్. అది న్యాయమే, కానీ తప్పించుకోవచ్చు. చార్జర్ మీద ఉన్న క్యూఆర్‌ను దాని సొంత యాప్‌తో స్కాన్ చేసి ధర పక్కపక్కన పెట్టి చూడండి.

నాకు అస్సలు మింగుడుపడనిది విఫలమైన సెషన్ మీద వేసే ప్లాట్‌ఫామ్ చార్జీ. గన్ పెట్టాక కరెంటు ఎక్కే ముందు చార్జరూ కారూ మాట్లాడుకోవాలి, కేబుల్‌లో లీకేజీ ఉందేమోనని ఇన్సులేషన్ పరీక్ష జరగాలి, వోల్టేజీ సరితూగాలి. వీటిలో ఏది తప్పినా నిమిషంలోపే సెషన్ ఆగిపోతుంది. వాన పడి గన్ తడిస్తే ఇన్సులేషన్ పరీక్ష దగ్గర తరచూ ఆగుతుంది. మూడుసార్లు ప్రయత్నిస్తే సర్వర్ లెక్కలో మూడు సెషన్లు, 53 రూపాయల 10 పైసలు, ఎక్కింది సున్నా. వాలెట్‌లోంచి పోతుంది కాబట్టి చాలామంది గమనించరు కూడా. నెలకోసారి యాప్‌లో సెషన్ల జాబితా తెరిచి, అర యూనిట్ కన్నా తక్కువ ఉన్నవి ఏరి, వాటి సెషన్ నంబర్లతో ఒకే ఈమెయిల్‌లో వాపసు అడగండి. నంబర్లతో అడిగితే ఎక్కువగా వాలెట్‌లోకి తిరిగి వేస్తారు. వేయకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి, అవే నంబర్లు, ఈమెయిల్ పంపిన తేదీ చెప్పి ఫిర్యాదు నమోదు చేయించండి. తెలుగులో కూడా మాట్లాడవచ్చు.